ప్రపోజల్ ఏ మెట్టు దగ్గర ఆగింది? గెలుపోటముల లాగ్ చెప్పేది, చెప్పలేనిది

క్లుప్తంగా: అప్‌వర్క్ లాంటి వేదికల మీద పని వెతుక్కునే ఫ్రీలాన్సర్లలో చాలామంది పంపిన ప్రపోజల్స్ లిస్టు రాసుకుంటారు. కానీ అందులో "వచ్చింది", "రాలేదు" అని రెండే రకాలుంటే దాన్నుంచి నేర్చుకోగలిగేది తక్కువ. ప్రపోజల్‌ను క్లయింట్ తెరిచాడా, జవాబిచ్చాడా, పని ఇచ్చాడా అని మెట్లుగా విడగొట్టి, పంపే ముందే వివరాలు నమోదు చేస్తే లోపం ఎక్కడుందో బయటపడుతుంది. గెలుపులు అయిదారే ఉన్నప్పుడు మాత్రం వాటి ఆధారంగా తీసే శాతాలను గట్టిగా నమ్మకూడదు.

అప్‌వర్క్‌లో ప్రపోజల్ పంపడం ఉచితం కాదు. ఒక్కో ఉద్యోగ ప్రకటనకు కొన్ని "కనెక్ట్స్" ఖర్చవుతాయి, విడిగా కొంటే ఒక్కో కనెక్ట్ 15 సెంట్లు. ఒక ప్రపోజల్‌కు 12 కనెక్ట్స్ పోతే దాదాపు 1.80 డాలర్లు. డబ్బు కన్నా పెద్ద ఖర్చు సమయం. ప్రకటన చదివి, క్లయింట్ సైట్ చూసి, పద్ధతిగా రాసి పంపేసరికి అరగంటో ముప్పావుగంటో పడుతుంది. ఇలా వంద పంపి నాలుగైదు పనులు వచ్చినప్పుడు, మిగతావి ఎందుకు రాలేదన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. "పోటీ ఎక్కువైంది", "రేటు తగ్గించాలి", "ప్రొఫైల్ బాగోలేదు" లాంటి జవాబులు అందరి దగ్గరా సిద్ధంగా ఉంటాయి. వీటిలో ఏది నిజమో తేల్చేదే లాగ్.

## రెండే రకాలు ఉంటే వచ్చే చిక్కు

మామూలుగా రాసుకునే షీటులో తేదీ, క్లయింట్, పని పేరు, చివర "వచ్చింది/రాలేదు" ఉంటాయి. ఈ "రాలేదు" అన్న మాట కింద మూడు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి. ఒకటి, క్లయింట్ వేరే వ్యక్తికి పని ఇచ్చాడు. రెండు, క్లయింట్ అసలు ఎవరికీ ఇవ్వలేదు, ప్రకటన పెట్టి మర్చిపోయాడు లేదా ఆలోచన మానుకున్నాడు. మూడు, ప్రపోజల్‌ను తెరవనే లేదు.

మొదటిది ఓటమి. రెండోది ఓటమి కాదు, అక్కడ పోటీయే జరగలేదు. మూడోదానిలో ప్రపోజల్ బాగుందా లేదా అన్న ప్రశ్నకే తావు లేదు, దాన్ని ఎవరూ చదవలేదు కాబట్టి. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. తెరవని ప్రపోజల్ చూసుకుని లెటర్ లోపలి భాగం తిరగరాసేవాళ్లు, క్లయింట్ చూడని రాతను దిద్దుతున్నట్టే.

రెండో సంగతి తేల్చడానికి కొంచెం ఓపిక కావాలి. ప్రపోజల్ పంపిన మూడు, నాలుగు వారాల తర్వాత ప్రకటన లింకును మళ్లీ తెరిచి, ఎవరినైనా తీసుకున్నారా లేదా చూసి రాసుకోవాలి. ఈ పని ఎక్కువమంది చేయరు. లాగ్‌లో అన్నిటికన్నా ఉపయోగపడే గడుల్లో ఇదొకటి.

## తెరిచారా, జవాబిచ్చారా, పని ఇచ్చారా

క్లయింట్ వైపు నుంచి చూస్తే విషయం సులువుగా అర్థమవుతుంది. అతనికి వచ్చిన ప్రపోజల్స్ ఒక వరుసగా కనిపిస్తాయి. ఒక్కోదానిలో ఫొటో, ప్రొఫైల్ శీర్షిక, రేటు, దేశం, గత పనుల స్కోరు, కవర్ లెటర్‌లో మొదటి ఒకటి రెండు వాక్యాలు ఉంటాయి. వీటిని చూసే ఏది తెరవాలో తేల్చుకుంటాడు. అంటే "తెరవలేదు" అన్నదానికి కారణాలు ఆ కొద్ది వివరాల్లోనో, ప్రపోజల్ వెళ్లిన వేళలోనో ఉంటాయి. అప్పటికే యాభై వచ్చి ఉంటే కిందిదాకా చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

తెరిచాక క్లయింట్ చూసేది వేరు. పూర్తి లెటర్, జతచేసిన పాత పనులు, ప్రకటనలో అడిగిన ప్రశ్నలకు ఇచ్చిన సమాధానాలు. ఇక్కడ ఆగిపోతే లోపం ఈ సరుకులో ఉంది. జవాబు వచ్చి, మాటామంతీ జరిగి, ఆ తర్వాత పోతే కారణాలు ఇంకో రకం: ధర, గడువు, కాల్‌లో మాట్లాడిన తీరు, సమయాల తేడా, తమకన్నా సరిపోయే మరొకరు దొరకడం.

అందుకే ప్రతి ప్రపోజల్‌కు చేరిన మెట్టును అంకెగా రాసుకోవడం మంచిది. పంపి ఊరుకుంటే 0, తెరిస్తే 1, జవాబు వస్తే 2, పని వస్తే 3. ప్రపోజల్స్ ఎన్ని పంపారు, ఎన్ని చూశారు, ఎందరు మాట్లాడారు, ఎందరు పని ఇచ్చారు అన్న మొత్తాలు అప్‌వర్క్ గణాంకాల పేజీలో కనిపిస్తాయి. కానీ ఏ రకం పనుల్లో ఎక్కడ ఆగుతున్నాయన్నది ఆ మొత్తాల్లో తెలియదు. సొంత షీటు అవసరం అక్కడే మొదలవుతుంది.

## ఏం రాయాలి, ఎప్పుడు రాయాలి

గడులు పెంచుకుంటూ పోతే పది రోజుల్లో షీటు మూలన పడుతుంది. పంపే ముందు నింపాల్సినవి ఇవి చాలు: ప్రకటన వచ్చిన ఎన్ని గంటలకు పంపారు, బడ్జెట్ ఎంత, క్లయింట్ హైర్ రేట్ ఎంత, అంటే అతను పెట్టిన ప్రకటనల్లో ఎంత శాతానికి నిజంగా మనిషిని తీసుకున్నాడు, అప్పటికి ఎన్ని ప్రపోజల్స్ ఉన్నాయి (అప్‌వర్క్ దీన్ని "5 to 10", "20 to 50" అని శ్రేణిగా చూపిస్తుంది), ఆ పనికి దగ్గరగా ఉన్న పాత పనిని జతచేశారా, కోట్ చేసిన ధర. వీటితో పాటు క్లయింటే పిలిచిన ఇన్విటేషనా, సొంతంగా పెట్టిందా అన్నది తప్పనిసరి.

ఈ చివరి గడి లేకపోవడం వల్ల లెక్కలు ఎక్కువగా తప్పుతాయి. ఇన్విటేషన్ అంటే క్లయింట్ ముందే ప్రొఫైల్ చూసి పిలిచాడని అర్థం. అక్కడ గెలిచే అవకాశం సహజంగానే ఎక్కువ. పాత క్లయింట్ మళ్లీ ఇచ్చిన పనీ, తెలిసినవాళ్లు చెప్తే వచ్చిన పనీ ఇలాంటివే. వీటిని కలిపేస్తే ఒక నెల రెండు ఇన్విటేషన్లు రాగానే "నా ప్రపోజల్స్ బాగుపడ్డాయి" అనిపిస్తుంది, నిజానికి అక్కడ ప్రపోజల్ చేసింది కొంచెమే.

పంపే ముందే నింపాలన్న నియమం వెనక గట్టి కారణం ఉంది. ఫలితం తెలిశాక రాస్తే జ్ఞాపకం ఫలితం వైపు వంగుతుంది. పోయిన ప్రాజెక్టు గురించి "అది మొదట్నుంచీ తేడాగానే అనిపించింది" అని రాసుకుంటాం. నిజంగా అలా అనిపించిందో లేదో తేలాలంటే, పంపేటప్పుడే "ఇది వచ్చే అవకాశం" అని 1 నుంచి 5 వరకు ఒక అంకె వేసి వదిలేయాలి. కొన్ని నెలల తర్వాత 4, 5 వేసినవాటికీ 1, 2 వేసినవాటికీ ఫలితంలో తేడా లేకపోతే, అంచనాలోనే పొరపాటుందన్నమాట. ఏ పనికి పెట్టాలి, దేనికి వద్దు అని ఎంచుకునే పద్ధతినే అప్పుడు మార్చుకోవాలి.

## ఒక లాగ్‌ను విప్పి చూస్తే

కాకినాడ నుంచి పనిచేసే ఒక షాపిఫై డెవలపర్‌ను ఊహించుకుందాం. అంకెలు ఉదాహరణ కోసమే, లెక్కకట్టే తీరు మాత్రం నిజమైన లాగ్‌లో ఉండేదే. నాలుగు నెలల్లో 86 వరుసలు నిండాయి, ఎనిమిది పనులు వచ్చాయి. పైకి చూస్తే 9 శాతం పైనే. అందులో ఆరు ఇన్విటేషన్లు, వాటి నుంచే మూడు పనులు. వాటిని పక్కన పెడితే 80 ప్రపోజల్స్, అయిదు పనులు. అంటే 6 శాతం చిల్లర.

ఈ 80లో 34 తెరుచుకున్నాయి, 12కు జవాబు వచ్చింది, 5 పనులయ్యాయి. జవాబిచ్చిన పన్నెండు మందిలో అయిదుగురు పని ఇచ్చారంటే చివరి మెట్టులో పెద్ద లోపం లేదు. అత్యధిక నష్టం మొదటి మెట్టులోనే ఉంది: 46 ప్రపోజల్స్‌ను ఎవరూ తెరవలేదు. రేటు తగ్గించాలా అని నెలల తరబడి టెన్షన్ పడుతున్న మనిషికి ఇదొక్కటే చాలా చెప్తుంది.

ఎందుకు తెరవలేదో చూడటానికి గంటల గడి పనికొస్తుంది. గూగుల్ షీట్‌లో C గడి సొంతం/ఇన్విటేషన్, F గడి గంటలు, K గడి మెట్టు అనుకుంటే, మూడు గంటల్లోపు పంపినవాటిలో తెరిచిన భాగం ఇలా వస్తుంది:

```
=COUNTIFS(C:C,"సొంతం",F:F,"<=3",K:K,">=1")/COUNTIFS(C:C,"సొంతం",F:F,"<=3")
```

మూడు గంటల్లోపు పంపినవి 30, తెరిచినవి 20. ఆ తర్వాత పంపినవి 50, తెరిచినవి 14. తేడా పెద్దదే. కానీ ఇక్కడే ఒక ప్రశ్న వేసుకోవాలి: త్వరగా పంపినవి అసలు వేరే రకం పనులేమో? చిన్న పనులకు ఆలోచించేది తక్కువ కాబట్టి వాటికి త్వరగా పంపి ఉండొచ్చు, చిన్న పనులకు పోటీయే తక్కువై ఉండొచ్చు. అలాంటప్పుడు పుణ్యం వేగానిది కాదు, పని సైజుది. దీన్ని తేల్చడానికి బడ్జెట్ ప్రకారం విడగొట్టి, ఒక్కో గుంపు లోపల మళ్లీ పోల్చాలి. 300 డాలర్లు, ఆ పైన ఉన్న పనుల్లో త్వరగా పంపిన 14లో 9 తెరిచారు, ఆలస్యంగా పంపిన 26లో 8. అంతకన్నా చిన్నవాటిలో 16లో 11, 24లో 6. రెండు గుంపుల్లోనూ తేడా నిలబడింది కాబట్టి వేగం మీద అనుమానం బలపడింది.

ఆలస్యానికి కారణం కూడా షీటులోని టైముల్లోనే కనిపిస్తుంది. అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిది అంటే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. పశ్చిమ తీరంలో ఇంకో మూడు గంటల తర్వాత. ఈ డెవలపర్ ప్రపోజల్స్ రాసేది పొద్దున్నే కాఫీ అయ్యాక. అప్పటికి రాత్రి వచ్చిన ప్రకటనలు పది, పన్నెండు గంటల పాతవి. ప్రొఫైల్ తిరగరాయడం కన్నా ముందు, సేవ్ చేసిన సెర్చ్‌కు అలర్ట్ పెట్టుకుని రాసే వేళను రాత్రి ఏడు నుంచి పదికి మార్చుకోవడం చవకైన ప్రయోగం.

రెండో మెట్టులో తేలింది వేరు. తెరిచిన 34లో పోలిక ఉన్న పాత పనిని జతచేసినవి 16, వాటిలో తొమ్మిదింటికి జవాబు వచ్చింది. జతచేయని 18లో మూడింటికే వచ్చింది. పోలిక అంటే "నేను కూడా షాపిఫై స్టోర్ చేశాను" అని కాదు. క్లయింట్ సబ్‌స్క్రిప్షన్ ఆర్డర్ల గురించి అడిగితే సబ్‌స్క్రిప్షన్ ఉన్న స్టోర్ లింకే పంపడం. ఇక్కడా పైన వేసుకున్న అనుమానమే వర్తిస్తుంది: పోలిక ఉన్న పాత పని ఉందంటే ఆ రకం పనిలో అనుభవం ఉన్నట్టే, లెటర్ మొత్తం మెరుగ్గా వచ్చి ఉండొచ్చు. జతచేసిన లింకుదే ఘనత అని చెప్పలేం. అయినా ఆచరణలో తేలేది ఒకటే, పోలిక ఉన్న పనులకే పెట్టడం మేలు.

ఎవరికీ ఇవ్వని పనుల సంగతి మూడోది. పోయిన 75లో 31 ప్రకటనల్లో క్లయింట్ ఎవరినీ తీసుకోలేదు. వీటిలో 22, హైర్ రేట్ 50 శాతం లోపున్న క్లయింట్లవి. అలాంటి క్లయింట్లకు పంపిన మొత్తం ప్రపోజల్స్ 33, వచ్చిన పని ఒక్కటి. మిగతా 47లో వచ్చినవి నాలుగు. ఒకటికీ నాలుగుకూ ఉన్న తేడా మీద సూత్రాలు కట్టలేం గానీ, 33లో 22 గాలికి పోయాయన్నది మాత్రం గట్టి అంకె. కొత్త క్లయింట్లను ఈ లెక్కలో కలపకూడదు. మొదటి ప్రకటన పెట్టినవాళ్లకు హైర్ రేట్ చరిత్రే ఉండదు, దాన్ని తక్కువ రేటుగా రాస్తే మంచి అవకాశాలు కూడా జల్లెడలోంచి జారిపోతాయి.

## అయిదారు గెలుపుల మీద ఎంత నమ్మకం పెట్టాలి

లాగ్ పెట్టేవాళ్లను ఎక్కువగా తప్పుదారి పట్టించేది తక్కువ అంకెలే. 40 ప్రపోజల్స్ పంపితే మూడు పనులొచ్చాయనుకుందాం, 7.5 శాతం. అదే మనిషి అదే పద్ధతిలో పంపుతూ పోతే దీర్ఘకాలంలో వచ్చే అసలు శాతం ఎంత ఉండొచ్చని గణాంక పద్ధతిలో లెక్కిస్తే, దాదాపు 3 నుంచి 20 మధ్య ఎక్కడైనా ఉండొచ్చని వస్తుంది. అంత వెడల్పైన శ్రేణిలో "పోయిన నెల 5 శాతం, ఈ నెల 10 శాతం" అన్న తేడాకు అర్థం దాదాపు లేదు.

మెట్ల లెక్క ఇక్కడ ఇంకో విధంగా ఆదుకుంటుంది. గెలుపులు అయిదే అయినా తెరిచినవి 34 ఉన్నాయి. అంకె పెద్దదైనచోట మార్పు త్వరగా, నమ్మకంగా కనిపిస్తుంది. మన డెవలపర్ రాసే వేళ మార్చి, హైర్ రేట్ చూసి మరో 40 పంపాడనుకుందాం. 26 తెరిచారు, 13 జవాబులు, 4 పనులు. గెలుపు 6 నుంచి 10 శాతానికి చేరింది, కానీ 80కి 5, 40కి 4 అన్న పోలిక యాదృచ్ఛికం కూడా కావచ్చు. తెరిచిన శాతం 42 నుంచి 65కు పెరగడం మాత్రం అంత తేలిగ్గా కాకతాళీయం అని కొట్టిపారేయలేనిది. అదే సమయంలో జవాబిచ్చినవాళ్లలో పని ఇచ్చినవాళ్ల వాటా కాస్త తగ్గింది. ఇకమీద చూడాల్సింది కాల్స్ జరిగే తీరు, ధర.

గడులు ఎక్కువైతే ఇంకో ప్రమాదం ఉంది. పన్నెండు గడులను తిరగేసి మరగేసి చూస్తే ఏదో ఒకదానిలో తమాషా తేడా దొరికి తీరుతుంది. మంగళవారం పంపినవి ఎక్కువ వచ్చాయనో, ప్రశ్నతో ముగించిన లెటర్లే గెలిచాయనో. దీనికి విరుగుడు తేలికే. పాత లాగ్‌లో కనిపించిన నమూనాను ఒక వాక్యంగా రాసి తేదీ వేసి పెట్టుకోవాలి, తర్వాతి 30, 40 ప్రపోజల్స్‌లో అది మళ్లీ కనిపిస్తేనే నమ్మాలి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు కాబట్టి, మెట్టుకు ఒకటి చొప్పున మార్చడం మేలు. పాత అంకెలకు కాలదోషం కూడా పడుతుంది. ప్రొఫైల్‌కు "టాప్ రేటెడ్" బ్యాడ్జ్ వచ్చాక, దానికి ముందటి ఆరు నెలల అంకెలతో పోలిస్తే తేలేది బ్యాడ్జ్ ప్రభావమే.

## "ధర ఎక్కువైంది" అన్న జవాబు

ఎందుకు ఇవ్వలేదని మర్యాదగా అడిగితే కొందరు క్లయింట్లు చెప్తారు. ఎక్కువసార్లు వచ్చే జవాబు ధర. ఎవరినీ నొప్పించకుండా సంభాషణ ముగించడానికి అంతకన్నా సులువైన మాట లేదు కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. క్లయింట్ అన్న మాటను ఒక గడిలో, సొంత ఊహను వేరే గడిలో రాసుకోవాలి. రెండూ కలిపి రాస్తే ఆర్నెల్ల తర్వాత ఏది ఎవరిదో తెలియదు.

ధరే కారణమా అన్నది షీటే చెప్తుంది. కోట్ చేసిన ధరను ప్రకటనలోని బడ్జెట్‌తో భాగించి, జవాబు వచ్చిన ప్రతిదానికీ ఆ నిష్పత్తి రాయాలి. వచ్చిన పనుల్లోనూ చివర్లో పోయిన పనుల్లోనూ అది ఒకేలా, అంటే బడ్జెట్‌కు అటూ ఇటుగా ఉంటే ధర మీద నేరం మోపడం కష్టం. పోయినవన్నీ బడ్జెట్‌కు ఒకటిన్నర రెట్లు దాటినచోటే ఉంటే, ఆ మాటలో నిజం ఉంది. బడ్జెట్ గడిలో నామమాత్రంగా 5 డాలర్లు పెట్టే ప్రకటనలను ఈ లెక్క నుంచి తీసేయాలి, లేకపోతే నిష్పత్తులు వెర్రిగా వస్తాయి.

## శాతం పెరిగి రాబడి తగ్గితే

గెలుపు శాతాన్ని పెంచడం నిజానికి కష్టం కాదు. చిన్న పనులకే, తక్కువ ధరకే పెడితే అదే పెరుగుతుంది. 80 ప్రపోజల్స్‌తో 600 డాలర్ల పనులు అయిదు వస్తే రాబడి 3,000 డాలర్లు, ప్రపోజల్‌కు 37.50. జాగ్రత్తపడి 40 పంపి 200 డాలర్ల పనులు అయిదు తెచ్చుకుంటే గెలుపు శాతం 6 నుంచి 12కు రెట్టింపైంది, ప్రపోజల్‌కు రాబడి మాత్రం 25 డాలర్లకు పడిపోయింది. మిగిలిన సమయంలో వేరే సంపాదన ఉంటే అది వేరే సంగతి. లేకపోతే ఆ రెట్టింపు పైకి కనిపించేదే. అందుకే శాతం పక్కన ప్రపోజల్‌కు వచ్చిన రాబడిని, వీలైతే రాయడానికి పట్టిన గంటకు వచ్చిన రాబడిని కూడా చూడాలి.

## టెండర్లలో లెక్క వేరు

ప్రభుత్వ టెండర్లు వేసే చిన్న సంస్థలకు ఇదే లాగ్ ఇంకోలా పనిచేస్తుంది. ఫ్రీలాన్సింగ్‌లో అవతలివాళ్లు ఎంత కోట్ చేశారో సాధారణంగా తెలియదు. ప్రభుత్వ కొనుగోళ్లు జరిగే జెమ్ పోర్టల్‌లో ఫైనాన్షియల్ బిడ్లు తెరిచాక పోటీలో ఉన్నవాళ్లకు ఎల్-1 ధర, అంటే అందరికన్నా తక్కువగా కోట్ చేసినవాళ్ల ధర తెలుస్తుంది. కాబట్టి అక్కడ ఓటమికి ఊహలు అక్కర్లేదు: తమ ధర ఎల్-1 కన్నా ఎంత శాతం ఎక్కువ అన్నది ప్రతి టెండర్‌కూ రాసుకోవచ్చు. తేడా ప్రతిసారీ రెండు మూడు శాతమే ఉంటే సరుకు కొనే చోటో, రవాణా ఖర్చో సర్దుకుంటే సరిపోతుంది. ఇరవై శాతం దాటుతుంటే ఆ రకం టెండర్లకు ఖర్చుల నిర్మాణమే సరిపడటం లేదని అర్థం.

టెక్నికల్ దశలోనే పోయినవి వేరే గడి. టర్నోవర్ సర్టిఫికెట్ లేకపోవడం, అనుభవ పత్రంలో పని విలువ సరిపోకపోవడం, బిడ్‌తో పాటు కట్టాల్సిన డిపాజిట్ అయిన ఈఎండీ నుంచి మినహాయింపుకు తగిన పత్రం జతచేయకపోవడం లాంటి కారణాలు వీటిలో ఉంటాయి. ధరతో ఏ సంబంధమూ లేని ఓటములివి. కారణాన్ని పోర్టల్‌లో రాసిన మాటల్లోనే ఎత్తి రాసుకుంటే, తర్వాతి టెండర్‌కు అదే చెక్‌లిస్ట్ అవుతుంది. ఫ్రీలాన్సర్‌కు నలభై, యాభై ప్రపోజల్స్ పడితే గానీ కనిపించని నమూనా ఇక్కడ నాలుగైదు టెండర్లకే తేలిపోవచ్చు, కారణం రాతపూర్వకంగా చేతికి వస్తుంది కాబట్టి.